ఇంటి ఓనరుకి ఉత్తరం – మూడో పాఠం: డబ్బు గురించి రాసే పేరా

పోయిన పాఠంలో సామాను జాబితా ఎలా అడగాలో చూశాం. ప్రకటనలో 'ఫర్నిష్డ్' అని ఉన్నా, ఒక ఓనరు లెక్కలో అది మంచాలు, సోఫా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌తో సహా. ఇంకొకరి లెక్కలో వార్డ్‌రోబ్‌లు, గీజర్లు, ఫ్యాన్లు ఉంటే చాలు. ఆ జాబితా మీ చేతికొచ్చిందనుకుని ఈసారి డబ్బు సంగతి రాద్దాం. ఉత్తరం మొత్తంలో ఎక్కువసార్లు తిరగరాయాల్సిన పేరా ఇదే.

విదేశం నుంచి తిరిగొచ్చే దంపతులకు ఒక చిక్కు ఉంటుంది. ఇక్కడ ఉద్యోగం ఇంకా మొదలవదు, చూపించడానికి పే స్లిప్ ఉండదు. 'వీళ్లు నెలనెలా అద్దె కడతారా' అని ఓనరుకి అనుమానం రావడం సహజం. దానికి జవాబుగానే చాలామంది కొన్ని నెలల అద్దె ముందే ఇస్తామంటారు. మేమూ అలాగే అన్నాం. తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్‌లో ఒక ఇంటి ఓనరుకి నేను రాసిన వాక్యం ఇది: "ఆరు నెలల అడ్వాన్స్ రూపాయల్లో ముందే ఇచ్చేస్తాం."

ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు, డబ్బు పంపాం, ఇంట్లో దిగాం. రెండో నెల అయిదో తారీఖున ఫోన్ చేసి, "అమ్మా, ఈ నెల అద్దె ఇంకా పడలేదు" అన్నారు. నాకు గుండె జారిపోయింది. మేమిచ్చింది అద్దె అని మేమనుకున్నాం, డిపాజిట్ అని ఆయన అనుకున్నారు. ఆయన మోసం చేయలేదు. హైదరాబాద్‌లో 'అడ్వాన్స్' అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే డబ్బు అనే అర్థం. ఆ మాట వాడింది నేనే. అది తేలేలోపు రెండు నెలలు ఇంట్లో టెన్షన్.

అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన మొదటి పని, ఉత్తరంలో ఎక్కడా 'అడ్వాన్స్' అనే మాట ఒంటరిగా వాడకపోవడం. దాన్ని రెండుగా విడదీయండి. ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చేది 'డిపాజిట్'. నెలనెలా కరిగిపోయేది 'ముందుగా కట్టిన అద్దె'. రెండో దాని పక్కన అది ఏ నెల నుంచి ఏ నెల వరకో పేర్లతో రాయాలి. "ఆరు నెలలు" అంటే చాలదు, "జూన్ నుంచి నవంబర్ వరకు" అనాలి. ఆ వెంటనే, తర్వాత అద్దె ఎప్పుడు కట్టాలో ఒక తేదీ పెట్టాలి. ఆ తేదీ ఒక్కటుంటే మాకొచ్చిన ఫోన్ మీకు రాదు.

రెండో పని, మొత్తాన్ని రూపాయల్లో, ఆయన ఖాతాలో పడే అంకెగా చెప్పడం. డాలర్లలో లెక్క చెబితే, పంపే రోజు రేటుని బట్టి అంకె మారుతుంది. విదేశీ బ్యాంకు నుంచి నేరుగా పంపితే మధ్యలో బ్యాంకులు ఛార్జీ పట్టుకుని, పడాల్సిన దానికన్నా కాస్త తక్కువ పడొచ్చు. వెయ్యి రూపాయలు తగ్గినా పరిచయం మాట పట్టింపుతో మొదలవుతుంది. ముందు మీ ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతాలోకి డబ్బు తెచ్చుకుని, అక్కడి నుంచి నెఫ్ట్‌లో ఓనరు ఖాతాకి పంపండి. అప్పుడు మీరు రాసిన అంకే ఆయనకి పడుతుంది. ఎవరైనా నగదు అడిగితే మర్యాదగా వద్దనండి. ఒకరి దగ్గర నుంచి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా పడేది తీసుకున్నవాళ్లకే. ఈ సంగతి చెబితే చాలామంది ఓనర్లు వాళ్లే బ్యాంకు వివరాలు పంపుతారు.

మూడోది, ఎప్పుడు పంపాలన్నది. విదేశంలో కూర్చుని, ఫొటోలు చూసి, మొత్తం పంపేయకండి. ఇల్లు చూపించి డబ్బు లాగేసే మోసాలన్నీ ఆ తొందర మీదే నడుస్తాయి. మీ తరఫున తమ్ముడో, పిన్నిగారో వెళ్లి ఇల్లు చూడాలి. ఓనరు పేరు ఆస్తి పన్ను రసీదులో ఉందేమో చూడాలి. డబ్బు వెళ్లే ఖాతా కూడా అదే పేరు మీద ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్‌లోనూ డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలుంది, దాన్ని తప్పకుండా వాడుకోండి. ఇల్లు ఆపి ఉంచడానికి చిన్న టోకెన్, మిగతాది సంతకాల రోజున తాళాలు చేతికొచ్చాక. ఈ క్రమాన్ని ఉత్తరంలోనే రాయాలి. చెప్పకుండా ఆలస్యం చేస్తే ఓనరు మనసులో అనుమానం పెరుగుతుంది.

ఇప్పుడు ఒక ఉత్తరం చూద్దాం. ఓనరు రిటైరైన మాస్టారు. అద్దె 42,000. మెయింటెనెన్స్ 4,000, అది అసోసియేషన్‌కి విడిగా కట్టేది. దంపతులు జూన్‌లో దిగి రెండేళ్లు ఉండాలనుకుంటున్నారు.

"మాస్టారూ, నమస్కారం. ఆంటీగారికి కూడా మా నమస్కారాలు చెప్పండి.

సామాను జాబితా అందింది, చాలా థ్యాంక్స్. మా తమ్ముడు ఆదివారం వచ్చి చూశాడు, ఇల్లు మాకు నచ్చింది. మేం జూన్ 1 నుంచి కనీసం రెండేళ్లు ఉండాలని అనుకుంటున్నాం. నాకు ఉద్యోగం ఆగస్టులో మొదలవుతుంది. అప్పటిదాకా అద్దె సంగతి మీకు బెంగ ఉండకూడదని ఇలా అనుకున్నాం.

డిపాజిట్ రెండు నెలలది, 84,000 రూపాయలు. ఇది ఖాళీ చేసినప్పుడు మీరు మాకు తిరిగిచ్చేది. పెయింటింగ్‌కి ఇందులోంచి పట్టుకునే పద్ధతి ఉంటే ఎంతో ఇప్పుడే చెప్పండి, ఒప్పందంలో రాసుకుందాం.

ముందుగా కట్టే అద్దె ఆరు నెలలది, జూన్ నుంచి నవంబర్ వరకు, 2,52,000 రూపాయలు. ఆ తర్వాత డిసెంబర్ 5 నుంచి నెలనెలా కడతాం.

మొత్తం 3,36,000 రూపాయలు. ఇందులో 10,000 టోకెన్‌గా ఈ వారం పంపుతాం, అది డిపాజిట్‌లో కలుపుకోండి. మిగతా 3,26,000 సంతకాలయ్యి తాళాలు తీసుకున్న రోజే మీ ఖాతాకి పంపుతాం. అన్నీ రూపాయల్లోనే, ఇండియాలో ఉన్న మా బ్యాంకు ఖాతా నుంచే.

ఏ కారణం వల్లయినా నవంబర్ లోపు ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే, వాడుకోని పూర్తి నెలల అద్దె 15 రోజుల్లో తిరిగివ్వాలని, మీరు ఇల్లు అమ్మినా ముందుగా కట్టిన నెలలు కొత్త ఓనరు దగ్గర చెల్లాలని రాసుకుంటే ఇద్దరికీ మంచిది. రెండేళ్ల ఒప్పందం కాబట్టి రిజిస్టర్ చేయిద్దాం, ఖర్చులో సగం మేం పెట్టుకుంటాం.

మీకు ఇందులో మార్చాలనిపించింది ఏదైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి."

చివరి పేరాలో రిజిస్ట్రేషన్ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే ఊళ్లో అందరూ 11 నెలల కాగితం రాసుకుంటారు. రెండేళ్లకి రాసి రిజిస్టర్ చేయించకపోతే, ఆ రెండేళ్ల మాట కోర్టులో నిలబడడం కష్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అలాంటి ఇంటి అద్దె సాధారణంగా నెలనెలా సాగేదిగా లెక్కకొస్తుంది, 15 రోజుల నోటీసుతో ముగించొచ్చు. ఆరు నెలల అద్దె ముందే ఇచ్చి 15 రోజుల భరోసాతో ఉండడం నాకు అస్సలు నచ్చదు. ఓనరు రిజిస్ట్రేషన్ వద్దంటే 11 నెలల కాగితమే రాసుకోండి, కానీ ముందుగా కట్టే అద్దెని రెండు మూడు నెలలకి తగ్గించండి.

ఉత్తరంలో అద్దె తగ్గించమని అడగలేదని గమనించారా? అడగొచ్చు, కానీ ఏ కారణం చూపిస్తున్నారో చూసుకోవాలి. "ఆరు నెలలది ముందే ఇస్తున్నాం కదా, తగ్గించండి" అనేది బలహీనమైన వాదన. లెక్క వేసి చూడండి. మొదటి నెల అద్దె ఎలాగూ ముందే కట్టాలి, చివరి నెలది అయిదు నెలలు ముందు కడుతున్నాం. సగటున రెండున్నర నెలలు ముందు. 2,52,000 మీద రెండున్నర నెలలకి, ఏడాదికి 7 శాతం చొప్పున వడ్డీ 3,675 రూపాయలు, అంటే నెలకి 600 చిల్లర. అంతకుమించి ఓనరుకి ఒరిగేదేం లేదు. అదే ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే ఆయనకి పోయేది 42,000. కాబట్టి తగ్గింపు అడిగితే రెండేళ్లు ఉంటామన్న మాట మీద అడగండి: "రెండేళ్లు మీరు వేరే వాళ్లని వెతుక్కునే పని ఉండదు కాబట్టి 40,000కి ఆలోచించగలరా?" ముందుగా కట్టే అద్దెని మాత్రం మీ పే స్లిప్‌కి బదులుగానే చూపించండి.

పన్ను సంగతి ఒకటి. ఈ ఉదాహరణలో అద్దె నెలకి 50,000 లోపే కాబట్టి, ఓనరు ఇక్కడే ఉంటే టీడీఎస్ గొడవ లేదు. 50,000 దాటితే అద్దెకున్నవాళ్లే 2 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అప్పుడు ఓనరు చేతికొచ్చేది ఎంతో ఉత్తరంలోనే విడిగా రాయండి, లేదంటే తక్కువ పంపారనుకుంటారు. ఓనరు కూడా ఎన్ఆర్ఐ అయితే ఈ 50,000 పరిమితి వర్తించదు, కోసే శాతం కూడా చాలా ఎక్కువ. ఆ సందర్భంలో డబ్బు పంపేముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

డబ్బు పంపే రోజున ఒక చిన్న జాగ్రత్త. 3,26,000 ఒకేసారి పంపకుండా రెండుగా పంపండి. టోకెన్ పోగా మిగిలిన డిపాజిట్ 74,000 ఒకటి, అద్దె 2,52,000 ఇంకొకటి. బ్యాంకు యాప్‌లో రిమార్క్స్ అనే గడిలో ఇలా టైప్ చేయండి:

```
DEPOSIT BALANCE
RENT JUN-NOV
```

టోకెన్ పంపినప్పుడు `DEPOSIT TOKEN` అని పెట్టండి. మూడేళ్ల తర్వాత స్టేట్‌మెంట్ తీసినా ఏది ఏమిటో అందులోనే ఉంటుంది. పంపాక ఓనరుకి ఒక మెసేజ్: "మాస్టారూ, డిపాజిట్‌లో మిగిలిన 74,000, జూన్ నుంచి నవంబర్ అద్దె 2,52,000 పంపాం. అందినట్టు ఒక మాట రాయండి." ఆయన "అందింది" అని జవాబిస్తే అదే రసీదు. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఈ వారం అభ్యాసం: అద్దె 36,000, డిపాజిట్ మూడు నెలలు, ముందుగా కట్టే అద్దె నాలుగు నెలలు, దిగేది అక్టోబర్ 1న. టోకెన్ 15,000. డబ్బు పేరా మీరే రాయండి. మొత్తం 2,52,000 రావాలి, తర్వాతి అద్దె ఫిబ్రవరిలో పడాలి. రాశాక ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి, "డిసెంబర్‌లో అద్దె కట్టాలా?" అని అడగండి. వాళ్లు వెంటనే "అక్కర్లేదు" అనకపోతే పేరా మళ్లీ రాయాలి.

వచ్చే పాఠంలో, ఓనరు "సరే, కానీ…" అని జవాబిచ్చినప్పుడు ఏం రాయాలో చూద్దాం.