నామినీగా పేరుంటే బ్యాంకుకు ఇవ్వాల్సినవి మూడు కాగితాలే

పత్తికొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకావిడ నా ముందు ఒక సంచి పెట్టింది. అందులో చనిపోయిన భర్త పాస్‌బుక్, డిపాజిట్ రసీదు, కర్నూలు పెద్దాసుపత్రి కాగితాలు ఉన్నాయి. పొదుపు ఖాతాలో 64 వేలు, ఉల్లి అమ్మిన డబ్బుతో వేసిన డిపాజిట్ 2 లక్షలు. బ్యాంకు బయట కలిసిన ఒక మధ్యవర్తి ‘కోర్టు నుంచి వారసత్వ పత్రం తేకపోతే పైసా రాదమ్మా, నేను చేయిస్తాను’ అని 15 వేలు అడిగాడట. 4 వేలు అప్పటికే ఇచ్చేసింది. పాస్‌బుక్ మొదటి పేజీ తిప్పి చూశాను. నామినీగా ఆవిడ పేరే ఉంది.

ఖాతాలో నామినీ నమోదై ఉంటే మొత్తం ఎంతైనా సరే బ్యాంకు వారసత్వ పత్రం అడగకూడదు. హామీ పత్రం, జామీనుదారు కూడా అవసరం లేదు. బ్యాంకు ఇచ్చే క్లెయిమ్ ఫారం నింపి, మరణ ధ్రువీకరణ పత్రం, నామినీ ఆధార్ లాంటి గుర్తింపు కాగితం జత చేస్తే చాలు. రిజర్వు బ్యాంకు నిబంధన ఇది. వేరే వారసులు కోర్టు నుంచి చెల్లింపు ఆపే ఉత్తర్వు తెచ్చినప్పుడు మాత్రమే బ్యాంకు ఆగుతుంది.

నామినీని చేర్చడం పది నిమిషాల పని. శాఖలో నామినేషన్ ఫారం అడిగి నింపి సంతకం చేయాలి. వేలిముద్ర వేసేవారికి మాత్రం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. మన వైపు పెద్దవాళ్ల ఫారాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి కాబట్టి సాక్షులను వెంట తీసుకెళ్లండి. మైనరు పేరు రాస్తే, వారికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా డబ్బు అందుకునే పెద్దవారి పేరూ రాయాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలుగా పెట్టవచ్చు. ఎవరికి ఎంత శాతమో రాసి మొత్తం వంద చేయవచ్చు, లేదా ఒకరు లేకపోతే మరొకరు అన్న వరుసలోనూ రాయవచ్చు. ఫారం ఇచ్చి ఊరికే రావద్దు. నమోదైనట్టు రసీదు తీసుకోండి, పాస్‌బుక్ మీద ముద్రించమని అడగండి. కౌంటరులో ఇచ్చిన ఫారం కంప్యూటర్‌లోకి ఎక్కలేదని మనిషి పోయాక తెలిసిన ఇళ్లు ఉన్నాయి.

ఇక ఆవిడ నిజంగా ఇరుక్కున్నది మరణ ధ్రువీకరణ పత్రం దగ్గర. ఊళ్లో అంత్యక్రియలు జరిగాయి కాబట్టి పత్రం కూడా ఊళ్లోనే వస్తుందనుకుని నెల రోజులు గ్రామ సచివాలయం చుట్టూ తిరిగింది. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. ఇంట్లో పోతే పంచాయతీలో, కర్నూలు ఆసుపత్రిలో పోతే కర్నూలులో, బెంగళూరులో పోతే అక్కడే. ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని ఆసుపత్రివాళ్లే నమోదుకు పంపుతారు. ఆ కాగితం ఏ నమోదు అధికారికి వెళ్లిందో ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకుని, పత్రం ఆయన దగ్గర తీసుకోవాలి. ఇంట్లో మరణం జరిగితే 21 రోజుల్లోపు చెప్పాలి. దాటితే ఆలస్య రుసుము కట్టాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

కర్నూలులో పత్రం దొరికింది కానీ అందులో పేరు వేరు. రాత్రిపూట ఆసుపత్రిలో చేర్చిన మేనల్లుడు కంగారులో మామకు ఇంట్లో పిలిచే పేరే చెప్పాడు. చీటీలో పడిన ఆ పేరే మరణ పత్రంలోకి వచ్చింది. పాస్‌బుక్‌లోనూ ఆధార్‌లోనూ ఉన్నది మరో పేరు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటే తండ్రి పేరు, చిరునామా చూసి శాఖలో చాలాసార్లు సర్దుకుంటారు. పేరే మారిపోతే సర్దుకోరు, సర్దుకోకూడదు కూడా. అప్పుడు బ్యాంకులో వాదించి లాభం లేదు. పేరు నమోదు చేసిన అధికారికే సవరణ దరఖాస్తు పెట్టాలి. చనిపోయినవారి ఆధార్, రేషన్ కార్డు నకళ్లతో పాటు, సంగతి తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల వాంగ్మూలం ఇస్తే రిజిస్టరు అంచున సవరణ రాసి కొత్త పత్రం ఇస్తారు. ఆవిడకు ఇది మూడు వారాలు పట్టింది. అందుకే పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఆధార్ చూపించి పేరు రాయించండి.

సవరించిన పత్రం ఇచ్చాక పొదుపు ఖాతా డబ్బు పన్నెండు రోజుల్లో ఆవిడ ఖాతాలో పడింది. డిపాజిట్ మాత్రం ఆగింది. నామినేషన్ ఖాతా ఖాతాకూ విడిగా ఉంటుంది. పొదుపు ఖాతాకు భార్య నామినీ అయినా, ఆ డిపాజిట్‌కు ఆయన తల్లి పేరు రాశాడు. ఆ తల్లి ఆయనకన్నా ముందే కన్నుమూసింది. ఉన్న ఒక్క నామినీ ముందే పోతే నామినీ లేనట్టే లెక్క. అయినా కోర్టుకు వెళ్లాల్సిన పని లేదు. కొత్త నిబంధనల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా తేలిక పద్ధతి ఉంది. డబ్బు అడిగేవారి హామీ పత్రం, వద్దనుకునే మిగతా వారసుల నిరభ్యంతర లేఖ, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం ఇవ్వాలి. ఆ చివరిది లేకపోతే, కుటుంబాన్ని బాగా ఎరిగిన, బ్యాంకు ఒప్పుకునే బయటి వ్యక్తి వాంగ్మూలమైనా సరిపోతుంది. కొడుకు, కూతురు నిరభ్యంతర లేఖలు రాసిచ్చారు. గడువుకు ముందే డిపాజిట్ మూసినా, ఇలా మరణం వల్ల మూస్తే జరిమానా పడదు. మీ ఇంట్లో ఉన్న ప్రతి డిపాజిట్ రసీదు మీదా నామినీ ఎవరో ఇవాళే చూడండి. పెళ్లికి ముందు అన్న పేరో అమ్మ పేరో రాసి ఉంటే, పెళ్లయినంత మాత్రాన అది దానంతటదే మారదు.

ఇంకో సంగతి ఆవిడకు చెప్పాను, ఇక్కడా చెప్పాలి. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి. ఆ డబ్బుకు ఏకైక యజమాని కాదు. సుప్రీంకోర్టు 2010లో ఈ మాట స్పష్టంగా చెప్పింది. పిల్లలకు, ఉంటే తల్లికి చట్టప్రకారం రావాల్సిన వాటా అలాగే ఉంటుంది. నామినీ కాని వారసులు భయపడి బ్యాంకులో గొడవ పడనవసరం లేదు. నామినీ అయినవారు మొత్తం నాదే అనుకోకూడదు.

చనిపోయిన తర్వాత ఏటీఎం కార్డుతో డబ్బు తీయవద్దు. రహస్య సంఖ్య తెలిసినా, నామినీ మీరే అయినా తీయవద్దు. రేపు మరో వారసుడు ఫిర్యాదు చేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

కాగితాలన్నీ ఇచ్చాక చేరినట్టు తేదీతో రసీదు రాయించుకోండి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో బ్యాంకు తేల్చాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటు మీద మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఏ కాగితం తక్కువైందో నోటిమాటగా కాకుండా రాసి ఇమ్మని అడగండి. అయినా తేల్చకపోతే ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ఖాతా మూయించే ముందు పాస్‌బుక్‌లో మే నెలాఖరు పద్దులు ఒకసారి చూడండి. ఆవిడ పాస్‌బుక్‌లో 436 రూపాయల కోత కనిపించింది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఆ ఏడాది ప్రీమియం కోసి ఉన్నందున జబ్బుతో పోయినా 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత ఉంటే అది ప్రమాద బీమా, ప్రమాదంలో పోతేనే వర్తిస్తుంది. బీమా ఫారం కూడా ఆ శాఖలోనే ఇస్తారు. ఆవిడకు దీని మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ రోజే అదే కౌంటరులో ఆ ఫారం కూడా ఇచ్చి వచ్చాం.