యాంటీబయాటిక్‌తో విరేచనాలు: ప్రోబయోటిక్ ఎప్పుడు, స్టూల్ టెస్ట్ ఎప్పుడు

యాంటీబయాటిక్ వేసుకుంటుంటే మోషన్స్ అవుతున్నాయని వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఏ ప్రోబయోటిక్ మంచిదని. గత 24 గంటల్లో ఎన్నిసార్లు వెళ్లారని నేను అడిగితే మాత్రం "చాలాసార్లు" అంటారు. ఈ లెక్క లేకుండా ముందుకు వెళ్లలేం. సీసాలో పోస్తే సీసా ఆకారంలో ఒదిగిపోయేంత పల్చగా ఉన్నవే లెక్కలోకి వస్తాయి. గట్టిగా కాకపోయినా ముద్దగా ఉన్నవి రావు. దాంతోపాటు గత మూడు నెలల్లో వాడిన మందులన్నీ కాగితం మీద రాయండి. పంటి నొప్పికి వాడి మర్చిపోయిన అయిదు రోజుల కోర్సు కూడా అందులో ఉండాలి. ఎందుకో కింద చెప్తాను.

సమస్య 1: కోర్సు మొదలైన రెండు మూడు రోజులకే కడుపు లూజ్, జ్వరం లేదు

ఎక్కువమందికి ఉండేది ఇదే. మనం అరిగించుకోలేని పిండిపదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది. యాంటీబయాటిక్ ఆ బ్యాక్టీరియాను తగ్గించడంతో అవి అలాగే మిగిలిపోయి నీటిని లాక్కుంటాయి. కొన్ని మందులు నేరుగా పేగు కదలికనే పెంచుతాయి. అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులానేట్, ఎరిత్రోమైసిన్ ఇలాంటివే. సాధారణంగా ఇక్కడ ఇన్ఫెక్షన్ ఏమీ ఉండదు, 24 గంటల్లో పల్చటివి మూడు కన్నా తక్కువైతే టెస్ట్ అక్కర్లేదు. ఓఆర్ఎస్ తాగండి, కోర్సు కొనసాగించండి. మరీ ఇబ్బందిగా ఉంటే మందు మార్చమని రాసిన డాక్టర్‌నే అడగండి, మీరై ఆపేయకండి. కోర్సు అయిపోయిన కొద్ది రోజుల్లో ఇది దానంతటదే సర్దుకుంటుంది.

ప్రోబయోటిక్ పని చేసేది ముఖ్యంగా ఈ రకంలో. అదీ మొదలయ్యాక ఆపడానికి కన్నా, మొదలవకుండా చూడటానికి. వాడాలనుకుంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజో మర్నాడో మొదలుపెట్టాలి. ప్యాకెట్ మీద రకం పేరు చూడండి. ఎక్కువగా పరీక్షించినవి శాకరోమైసిస్ బౌలార్డీ, లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. మొదటిది ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు, ఫంగస్ మందులు చంపుతాయి. రెండోది బ్యాక్టీరియా కాబట్టి యాంటీబయాటిక్‌కీ దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి.

అంతకుమించి ఆశ పెట్టుకోకండి. 65 దాటిన సుమారు మూడు వేలమంది ఆసుపత్రి రోగుల మీద జరిగిన ప్లాసైడ్ అనే పెద్ద ట్రయల్ 2013లో వెలువడింది. అందులో వాడిన బ్యాక్టీరియా మిశ్రమం వల్ల ఉపయోగం కనిపించలేదు. మెడలోనో ఛాతీలోనో పెద్ద సిరలోకి లైన్ వేసి ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు. ఆ ఈస్ట్ రక్తంలోకి చేరిన సందర్భాలు ఉన్నాయి.

సమస్య 2: కోర్సు అయిపోయి వారాలయ్యాక నీళ్ల విరేచనాలు

అందరూ బోల్తా పడేది ఇక్కడే. మందు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు. బయట తిన్నదేదో పడలేదనుకుంటారు. అసలు కారణం క్లోస్ట్రిడియాయిడీస్ డిఫిసిలే, మేం పొట్టిగా సి. డిఫ్ అనే బ్యాక్టీరియా కావచ్చు. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి గట్టి రూపాలు, పేగులోకి చేరినా మామూలు బ్యాక్టీరియా ఉన్నంతకాలం పెరగలేవు. యాంటీబయాటిక్‌తో ఆ కాపలా పోయాక మొలకెత్తి, పెద్దపేగు గోడను దెబ్బతీసే టాక్సిన్లు వదులుతాయి. కాపలా తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే ఈ ముప్పు కోర్సు మధ్యలో మొదలై, అది ముగిశాక మొదటి నెలలో ఎక్కువగా, మూడు నెలల దాకా కొంతగా ఉంటుంది. క్లిండామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం, సెఫలోస్పోరిన్లతో ఎక్కువ. 65 దాటినవాళ్లకీ, ఇటీవల ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లకీ మరీ ఎక్కువ.

నేను తరచూ చూసే తీరు ఇలా ఉంటుంది. 68 ఏళ్ల ఆవిడ పంటి ఇన్ఫెక్షన్‌కి క్లిండామైసిన్ వాడారు. కోర్సు ముగిసిన రెండు వారాలకి రోజుకి ఆరేడు నీళ్ల విరేచనాలు, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, సన్నగా జ్వరం. ముందు ప్రోబయోటిక్ సాచెట్లు, తర్వాత విరేచనాలు ఆపే లోపరమైడ్ వేసుకున్నారు. తగ్గకపోతే స్టూల్ కల్చర్ చేయించారు. రిపోర్ట్ నార్మల్. "ఇన్ఫెక్షన్ లేదు కదా" అని ఇంట్లోవాళ్లు మరో నాలుగు రోజులు ఆగారు.

మోసం ఆ నార్మల్ రిపోర్ట్‌లోనే ఉంది. మామూలు స్టూల్ కల్చర్ సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివాటిని వెతుకుతుంది. సి. డిఫ్‌ని వెతకదు, మైక్రోస్కోప్ పరీక్షలోనూ అది దొరకదు. పేరు పెట్టి అడగాలి: సి. డిఫ్ కోసం జీడీహెచ్ అనే దాని ఎంజైమ్ పరీక్ష, టాక్సిన్ పరీక్ష, లేదా దాని జన్యువును వెతికే పీసీఆర్. ఆవిడకి అలా అడిగి చేయిస్తే జీడీహెచ్, టాక్సిన్ రెండూ పాజిటివ్. లోపరమైడ్ ఆపించి, నోటి ద్వారా వాంకోమైసిన్ 125 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు, పది రోజులు ఇచ్చాం. వాంకోమైసిన్‌ని సిరలోకి ఎక్కిస్తే దీనికి పని చేయదు, పేగులోకి చేరదు. ఫిడాక్సోమైసిన్ దొరికితే ఇంకా మంచిది, తిరగబెట్టడం తక్కువ. అప్పటికే వేరే యాంటీబయాటిక్ నడుస్తుంటే, అది నిజంగా కావాలా అని డాక్టర్‌తో తేల్చుకోవాలి.

కాబట్టి టెస్ట్ ఎప్పుడంటే: యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడో, వాడిన మూడు నెలల్లోపో, వేరే కారణం కనిపించకుండా 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువ పల్చటి విరేచనాలు కొత్తగా మొదలైతే. శాంపిల్ పల్చగానే ఉండాలి, గట్టి మలాన్ని పంపితే ల్యాబ్ వెనక్కి పంపడమే న్యాయం. గత రెండు రోజుల్లో లాక్టులోజ్ లాంటి, మోషన్ అవ్వడానికి వాడే మందు తాగి ఉంటే ముందు అది ఆపి చూడండి. ఈ చిన్న విషయం అడగకుండా పంపిన శాంపిళ్లు ఎన్నో! కొందరి పేగులో సి. డిఫ్ ఏ హానీ చేయకుండా ఉంటుంది, పీసీఆర్ దాన్ని కూడా పట్టేస్తుంది. పీసీఆర్ పాజిటివ్, టాక్సిన్ నెగెటివ్ అని వస్తే లక్షణాలు చూసి డాక్టర్ తేల్చాలి. ఏడాదిలోపు పిల్లల్లో ఇది మామూలుగానే ఉంటుంది కాబట్టి వాళ్లకి ఈ టెస్ట్ సాధారణంగా చేయం.

విరేచనాలు తగ్గాక "క్లియర్ అయిందా" అని మళ్లీ టెస్ట్ చేయించకండి. బాగున్నవాళ్లలో కూడా చాలాకాలం పాజిటివ్‌గానే వస్తుంది. తగ్గిన రెండు నెలల్లోపు మళ్లీ నీళ్లలా మొదలైతే మాత్రం వెంటనే రండి. అది తిరగబెట్టడం కావచ్చు. ఇంట్లో ఒకరికి ఉంటే చేతులు సబ్బు, నీళ్లతో కడగాలి. ఆల్కహాల్ శానిటైజర్ స్పోర్లను చంపలేదు.

మిగతావి

మెట్‌ఫార్మిన్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు, సార్బిటాల్ కలిపిన సిరప్‌లు కూడా కడుపు లూజ్ చేస్తాయి. మొదట రాసిన కాగితంలో ఇవి కనిపిస్తాయి. యాంటీబయాటిక్ వల్ల క్లెబ్సియెల్లా ఆక్సిటోకా అనే బ్యాక్టీరియాతో రక్త విరేచనాలు వచ్చేవాళ్లూ ఉన్నారు గానీ, చాలా అరుదు.

రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం తగ్గి కళ్లు తిరుగుతున్నా టెస్ట్ రిపోర్ట్ కోసం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. నీళ్ల విరేచనాలు ఉన్నట్టుండి ఆగిపోయి పొట్ట ఉబ్బి బిగుసుకుపోతే కూడా అంతే. తగ్గిందని సంబరపడే ఆ సమయంలోనే పెద్దపేగు కదలడం మానేసి ఉండవచ్చు, ఆపరేషన్ దాకా వెళ్లే పరిస్థితి అది.