నెగటివ్ మార్కింగ్ భయంతో వదిలేసిన ప్రశ్నల్లో ఎన్ని మార్కులు పోతున్నాయో లెక్క తీయడం ఎలా?

నా దగ్గర మాక్ టెస్టులు రాసే ఒక అమ్మాయి ఉంది, సబ్జెక్ట్ బాగా వచ్చు, అడిగితే టకటకా చెప్పేస్తుంది, కానీ పేపర్ చూస్తే మూడో వంతు పైనే ఖాళీ. ఎందుకమ్మా వదిలేశావ్ అంటే "డౌట్ గా ఉంది అన్నా, తప్పయితే ఉన్నవి కూడా పోతాయి కదా" అంటుంది. అదే బ్యాచ్ లో ఇంకో అబ్బాయికి ఇంచుమించు అంతే వచ్చు, వాడు అన్నీ పెట్టేస్తాడు, మార్కులు ఎప్పుడూ వాడికే ఎక్కువ. తేడా చదువులో లేదు, వదిలేసే అలవాటులో ఉంది. మీది కూడా ఆ అమ్మాయి టైపే అయితే ఆ అలవాటు ఖరీదెంతో ఒక్క మాక్ టెస్టుతో తేల్చుకోవచ్చు.

1. ముందు మీ ఎగ్జామ్ గీత ఎక్కడుందో చూడండి

తప్పుకి పోయే మార్కుని తీసుకొని, రైటుకి వచ్చేదీ తప్పుకి పోయేదీ కలిపిన మొత్తంతో భాగించండి, అంతే. రైటుకి 1, తప్పుకి 1/3 అయితే గీత 25 శాతం. రైటుకి 4, తప్పుకి 1 అయితే 20 శాతం. రైటుకి 1, తప్పుకి కూడా 1 అయితే 50 శాతం. ఒక ఆన్సర్ రైటయ్యే ఛాన్స్ ఈ గీత కన్నా ఎక్కువుంటే పెట్టడం లాభం, తక్కువైతే వదిలేయడం లాభం.

నాలుగు ఆప్షన్లకి 1/3 అనేది ఎవరో ఊరికే పెట్టిన నంబర్ కాదు. కళ్ళు మూసుకొని పెడితే నాలుగింట్లో ఒకటి రైటు, మూడు తప్పు, వచ్చిన 1 కాస్తా మూడు 1/3లకి పోయి సున్నా అవుతుంది. గెస్ కరెక్షన్ అంటే ఇదే, దీని ఫార్ములా ఇలా ఉంటుంది:

```
S = R - W/(k-1)
```

R రైటైనవి, W తప్పైనవి, k ఆప్షన్ల సంఖ్య. చాలామంది గమనించనిది ఏంటంటే ఈ లెక్క గుడ్డి గెస్ ని మాత్రమే సున్నా చేస్తుంది. ఒక్క ఆప్షన్ ని గట్టిగా కొట్టేయగలిగినా మిగతా మూడింట్లో ఏదో ఒకటి పెడితే సగటున 0.11 మార్కు మీకే మిగులుతుంది, రెండు కొట్టేస్తే 0.33.

2. మాక్ టెస్ట్ రాసేటప్పుడు రెండు గుర్తులు పెట్టండి

మీరు మామూలుగా ఎలా రాస్తారో అలాగే రాయండి, ధైర్యం తెచ్చుకొని ఎక్కువ పెట్టేయొద్దు. వదిలేసే ప్రతి ప్రశ్న పక్కన మాత్రం ఒక గుర్తు పెట్టండి. కనీసం ఒక ఆప్షన్ కాదని తెలిస్తే చుక్క, అసలు ఏమీ తెలియకపోతే సున్నా. ఈ గుర్తు అప్పటికప్పుడే పెట్టాలి, కీ చూశాక పెడితే "ఇది నాకు తెలుసు" అని అన్నిటికీ చుక్కే పెట్టేస్తారు.

3. టైమ్ అయిపోయాక వేరే రంగు పెన్ను తీయండి

కీ తెరవకముందే ఖాళీగా ఉన్నవన్నీ ఆ రంగుతో నింపేయండి, సున్నా పెట్టినవి కూడా. పుస్తకం ముట్టుకోవద్దు, మళ్ళీ కూర్చొని ఆలోచించొద్దు, ఇందాక ఏదనిపించిందో అదే పెట్టాలి. ఎక్కువ టైమ్ తీసుకుంటే లెక్క మీకు అనుకూలంగా వచ్చేస్తుంది, అసలు ఎగ్జామ్ లో ఆ టైమ్ ఉండదు.

4. రెండు స్కోర్లూ వేయండి

పైన చెప్పిన అమ్మాయి పేపరే తీసుకుందాం. 100 ప్రశ్నలు, రైటుకి 1, తప్పుకి 1/3. 62 పెట్టింది, 54 రైటు, 8 తప్పు, అంటే 51.33. వదిలేసినవి 38. వాటిని రెండో పెన్నుతో నింపితే 17 రైటు, 21 తప్పు, అంటే నికరంగా 10 మార్కులు. స్కోరు 61.33 అయ్యేది!

గుర్తుల వారీగా విడగొడితే ఇంకా క్లియర్ గా కనిపించింది. చుక్క పెట్టినవి 20, వాటిలో 13 రైటు, 7 తప్పు, 10.67 వచ్చాయి. సున్నా పెట్టినవి 18, వాటిలో 4 రైటు, 14 తప్పు, 0.67 పోయింది. అంటే సున్నాల విషయంలో ఆ పిల్ల చేసింది కరెక్టే, పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. పోగొట్టుకున్నదంతా చుక్కల్లోనే.

ఇదంతా చూపిస్తే "కానీ అన్నా, ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటే సగం సార్లు పోతుందిగా" అంది. ఒక్క ప్రశ్ననే చూస్తే నిజమే. కానీ ఎగ్జామ్ ఒక్క ప్రశ్న కాదు కదా, అలాంటి 20 ప్రశ్నల మీద మొత్తంగా నష్టపోవాలంటే 20లో 4 గానీ అంతకంటే తక్కువ గానీ రైటవ్వాలి, దానికి ఛాన్స్ 1 శాతం కన్నా తక్కువ. జాగ్రత్తపడేవాళ్ళు ప్రతి ప్రశ్ననీ విడిగా తూచి ప్రతిసారీ భయపడి వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు.

5. చుక్కలు మోసం చేస్తున్నాయేమో చూడండి

అందరికీ ఇలాగే రాదు. చుక్క పెట్టిన వాటిలో రైట్ల శాతం గీత కన్నా కిందుంటే మీరు కొట్టేసే ఆప్షన్లలోనే రైట్ ఆన్సర్ పోతోందని అర్థం. పేపర్ సెట్ చేసేవాళ్ళు సగం తెలిసినవాళ్ళు పడే పొరపాటునే ఒక ఆప్షన్ గా పెడతారు, సూత్రంలో మైనస్ మర్చిపోతే వచ్చే ఆన్సర్ లాంటివన్నమాట. అలాంటప్పుడు మీ భయమే కరెక్టు, గెస్ చేయడం కాదు ఆ చాప్టర్ మళ్ళీ చదవడమే పని. ఒక్క పేపర్ చూసి తేల్చేయకండి కూడా, మూడు నాలుగు మాక్ లలో కలిపి ఒక 60 చుక్కలైనా పోగయ్యాక నమ్మొచ్చు.

మరి ఇది ఫెయిరేనా?

నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. గుడ్డిగా పెట్టేవాడిని ఆపడానికి ఈ రూల్ పనికొస్తుంది, అది ఒప్పుకుంటా. కానీ సగం తెలిసిన ఇద్దరిలో ఒకడు పెట్టి ఒకడు వదిలేస్తే మార్కులు చదువుకి కాకుండా తెగింపుకి పడుతున్నాయి. చిలీలో కాలేజీ ఎంట్రన్స్ నుంచి నెగటివ్ మార్కింగ్ తీసేశాక, అమ్మాయిలు అబ్బాయిల కన్నా ఎక్కువగా ప్రశ్నలు వదిలేసే తేడా దాదాపు 70 శాతం తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. అమెరికాలో SAT కూడా అయిదు ఆప్షన్లకి 1/4 కోసే పద్ధతిని 2016లో ఎత్తేసింది. కోత లేకపోతే తెలియనివి కూడా అందరూ నింపేస్తారు, కొంత లక్ కలుస్తుంది, కానీ కనీసం ఆ లక్ అందరికీ సమానం.

పేపర్లు పెట్టే మాస్టార్లకి ఇంకో దారి కూడా ఉంది, తప్పుకి ఏమీ కోయకుండా ఖాళీకి 1/4 మార్కు ఇవ్వడం. లెక్క వేసి చూడండి, ర్యాంకులు 1/3 కోసినప్పుడు ఎలా వస్తాయో అచ్చం అలాగే వస్తాయి, ఒక్కటి కూడా మారదు. అంటే వదిలేయడానికి అసలు ధర పావు మార్కే, కానీ "కోత" అని రాసేసరికి పిల్లలకి చెయ్యి వణుకుతుంది.

ఆ అమ్మాయి ఇప్పటికీ వదిలేస్తుంది, కాకపోతే సున్నాలు మాత్రమే. చుక్క పెట్టిన ప్రతిదానికీ చివరి పది నిమిషాల్లో వెనక్కి వచ్చి ఏదో ఒకటి దిద్దేస్తోంది, ఇప్పటికీ కొంచెం మొహం చిట్లించే అనుకోండి.