దిర్హంలలో సంపాదన, రూపాయల్లో ఖర్చు: పొదుపును రెండు కరెన్సీల్లో ఎలా ఉంచుకోవాలి?

దుబాయ్‌లో ఉద్యోగం, జగిత్యాలలో ఇల్లు ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హంలన్న లెక్క మారలేదు కాబట్టి, దిర్హంలలో జీతం అందుకునేవారు డాలర్లలో సంపాదిస్తున్నట్టే.

మొదట ఒక కాగితం మీద రాబోయే ఐదేళ్ల ఖర్చులను రెండు వరుసల్లో రాయాలి. తల్లిదండ్రుల మందులు, పిల్లల బడి ఫీజు, ఇంటి అప్పు వాయిదా రూపాయల వరుసలోకి వస్తాయి. అమ్మాయి అమెరికా చదువు డాలర్ల వరుసలోకి వస్తుంది. ఏ ఖర్చుకు పెట్టుకునే పొదుపు ఆ కరెన్సీలోనే ఉండాలన్నది మిగతా పనులన్నింటికీ ఆధారం.

తర్వాత, ఇంటికి నెలకు 60 వేలు కావాలంటే ఆరు నెలలకు సరిపడా 3.6 లక్షలు, విదేశాల్లో ఉండే భారతీయులు తమ సంపాదనను రూపాయల్లో దాచుకునే ఎన్‌ఆర్‌ఈ పొదుపు ఖాతాలో ఉంచి, ఆపైన ప్రతి నెలా ఒకే తేదీన డబ్బు పంపాలి. రూపాయి ఇంకా పడుతుందేమోనని జీతాన్ని ఆపి ఉంచే అలవాటు చాలామందికి ఉంది. అది పొదుపు కాదు, పందెం.

మూడోది, డాలర్ల ఖర్చుకు, మన బ్యాంకుల్లో విదేశీ కరెన్సీలోనే వేసే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్. దీన్ని ఏడాది నుంచి ఐదేళ్ల గడువుతో వేయవచ్చు. అసలు, వడ్డీ రెండూ డాలర్లలోనే తిరిగి వస్తాయి. ఏడాది నిండకముందే తీసుకుంటే మాత్రం వడ్డీ రాదు. డాలరు 84 రూపాయలు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీ 7 శాతం, ఎఫ్‌సీఎన్‌ఆర్ వడ్డీ 4.5 శాతం అనుకుందాం. పదివేల డాలర్లను రూపాయల్లోకి మార్చి వేస్తే మూడేళ్లకు సుమారు 10.29 లక్షలవుతాయి, డాలర్లలోనే ఉంచితే 11,412 డాలర్లవుతాయి. అప్పటికి డాలరు 90 రూపాయల 17 పైసలు దాటితే రెండోది, దాటకపోతే మొదటిది లాభం. అయితే అమ్మాయి ఫీజు డాలర్లలోనే కట్టాల్సి ఉన్నప్పుడు ఈ లెక్కతో నిమిత్తం లేకుండా డాలర్లలో ఉంచడమే సరైనది, ఎందుకంటే ఆ ఫీజుకు రూపాయి విలువతో పనిలేదు.

చివరిగా అప్పు. 2017లో దిర్హం పదిహేడున్నర రూపాయలున్నప్పుడు, ఊళ్లో ఇల్లు కట్టడానికి దుబాయ్ బ్యాంకులో అప్పు తీసుకున్న వ్యక్తి, 60 వేల దిర్హంల బాకీ మిగిలి ఉండగానే 2020లో ఉద్యోగం పోయి తిరిగి వచ్చాడనుకోండి. పదిన్నర లక్షలుగా లెక్కేసుకున్న ఆ బాకీ, దిర్హం 20 రూపాయలు దాటడంతో 12 లక్షలు మించుతుంది; అతని చేతికి వచ్చే ఆదాయమేమో రూపాయల్లోనే. అందుకే ఊళ్లో ఇంటికి, వడ్డీ కాస్త ఎక్కువైనా, రూపాయల్లోనే అప్పు తీసుకోవాలి.

శాశ్వతంగా తిరిగి వచ్చేటప్పుడు ఆ విషయం బ్యాంకుకు తెలియజేయాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా సాధారణ ఖాతాగా మారుతుంది. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌ను గడువు తీరేదాకా కొనసాగించి, ఆ డాలర్లను, తిరిగి వచ్చినవారు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాలోకి మార్చుకోవచ్చు.