అర్ధరాత్రి అప్పుల లెక్కలు ఆపడం ఎలా?

అప్పులున్న ఇంట్లో లెక్క వేసుకోవడం తప్పు కాదు, పక్క మీదికి చేరాక వేయడమే తప్పు. రాత్రి రెండింటికి బ్యాంకు తెరిచి ఉండదు. ప్రోనోటు రాయించుకున్న ఆసామిని లేపి మాట్లాడలేం. వడ్డీ ఎంత పెరిగిందో చూద్దామంటే కాగితాలు బీరువాలో ఉంటాయి. అందుకే ఆ లెక్క సగంలో తెగిపోతుంది, తెగిన లెక్కను మనసు మళ్లీ మొదటి నుంచి వేస్తుంది. తెల్లారేదాకా ఇదే పని. అలాంటప్పుడు పక్కనున్నవాళ్లు "ఆలోచించొద్దు, పడుకో" అంటారు. ఆ సలహా ఎవరికీ పనిచేయదు. లెక్కకు పగటిపూట ఒక చోటు, ఒక వేళ ఇస్తేనే అది రాత్రిని వదులుతుంది.

పుస్తకం, పెన్ను, అరగంట

ఒక పొడుగాటి గీతల పుస్తకం, ఒక పెన్ను చాలు. ఫోనులోని లెక్కల యాప్ వద్దు. అప్పుల లెక్క కోసం ఫోను తీసినవాళ్లకు రెండు నిమిషాల్లో "ఐదు నిమిషాల్లో లోన్" అనే ప్రకటన కనబడుతుంది, కంగారులో ఉన్న మనిషి దాన్ని నొక్కేస్తాడు. పెన్సిల్ కూడా వద్దు. చెరిపి రాసే వీలుంటే అంకెలను మనకు నచ్చినట్టు మార్చుకుంటాం.

వేళ సాయంత్రం మూడున్నర నుంచి నాలుగు. రోజూ అదే వేళ, అదే కుర్చీ. ఆరు దాటాక కూర్చోవద్దు, లెక్కలో తేలిన పనికి వెంటనే ఫోను చేసే అవకాశం ఉండాలి. పక్క మీద కూర్చుని అసలు రాయొద్దు.

అప్పులన్నీ ఒక పేజీలో

ఒక్కో అప్పుకు ఒక్కో వరుస: ఎవరికి, అసలు ఎంత మిగిలింది, నెలకు ఎంత కట్టాలి, ఏ తేదీన, కట్టకపోతే మొదట జరిగేదేమిటి. చేబదులు కూడా రాయాలి. బావమరిది దగ్గర తీసుకున్నదాన్ని చాలామంది సిగ్గుతో వదిలేస్తారు, రాత్రిపూట మొదట గుర్తొచ్చేది మాత్రం అదే.

ఒక ఇల్లు తీసుకుందాం. తిరుపతి లీలామహల్ సెంటర్ దగ్గర టిఫిన్ బండి, నెలకు చేతికొచ్చేది సుమారు 28,000. ఇంటి ఖర్చు 19,500. బ్యాంకులో నగలు కుదువ పెట్టి తీసుకున్నది 90,000. ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి లక్ష. బైకు లోన్ మిగులు 42,000, నెల కంతు 3,200. డ్వాక్రా లోన్ మిగులు 35,000, కంతు 2,500. క్రెడిట్ కార్డు బాకీ 38,000, కనీసం కట్టాల్సింది 1,900. బావమరిదికి 30,000. మొత్తం 3,35,000.

రాత్రుళ్లు తలలో తిరిగేది ఈ 3,35,000. కానీ దాన్ని రేపే ఎవరూ ఒక్కసారిగా అడగరు. ఈ నెల కట్టాల్సిందెంతో చూడండి: ప్రోనోటు వడ్డీ 2,000, బైకు 3,200, డ్వాక్రా 2,500, కార్డు 1,900, బంగారం మీద తొమ్మిది శాతం చొప్పున పక్కన పెట్టాల్సిన వడ్డీ 675. మొత్తం 10,275. ఇంటి ఖర్చు పోను మిగిలేది 8,500. అంటే నెలకు తగ్గుతున్నది 1,775. ఈ అంకెను పేజీ అడుగున పెద్దగా రాసి చుట్టూ గీత గీయండి. ఇక నుంచి మీరు పని చేయాల్సింది దీని మీదే. పాత బకాయిలుంటే, ఉదాహరణకు మూడు నెలల ప్రోనోటు వడ్డీ 6,000, వాటిని వేరే వరుసలో రాయండి. ఈ నెల కంతులతో కలిపేస్తే రెండూ కొండలా కనబడతాయి.

ఒక రోజు, ఒక మనిషి, ఒక ప్రశ్న

"ఖర్చు తగ్గించుకోవాలి", "అప్పు తీర్చాలి" అని రాస్తే అవి పనులు కావు. రేపు ఎన్ని గంటలకు, ఎవరిని, ఏమడగాలో ఉంటేనే అది పని. పావుగంటలో ముగిసేదై ఉండాలి. రోజుకు ఒక్కటే రాయండి. మొదటిరోజు ఉత్సాహంలో ఆరు పనులు రాసుకున్నవాళ్లు మూడోరోజుకు పుస్తకం మూసేస్తారు.

పై ఇంటికి వరుస ఇలా ఉంటుంది. మొదటిరోజు, కార్డు వెనకనున్న నంబరుకు ఫోను చేసి బాకీని కంతులుగా మారుస్తారా, వడ్డీ ఎంత, ఫీజు ఎంత అని అడగాలి. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే, కట్టే 1,900లో 1,330 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 570. అదే బాకీని ఏడాదికి 18 శాతం చొప్పున 24 నెలల కంతులుగా మారిస్తే నెలకు కట్టాల్సింది దాదాపు అదే 1,900, కానీ రెండేళ్లకు బాకీ ముగుస్తుంది. ఆ తర్వాత కార్డును బయటికి తీయకూడదు.

రెండోరోజు బ్యాంకులో, ఈరోజు ధరకు నా బంగారం మీద ఇంకెంత వస్తుంది, గడువు ఎప్పుడు అని అడగాలి. పాత ధరకు కుదువ పెట్టిన నగలైతే కొంత పెరిగి ఉండొచ్చు. యాభై వేలు వస్తే ప్రోనోటులో సగం తీర్చొచ్చు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ యాభై వేల మీద నెలకు 1,000 కట్టేది బ్యాంకులో సుమారు 375 అవుతుంది. తగ్గుతున్న 1,775 అక్కడికి 1,150కి దిగుతుంది. కొత్త అప్పుతో పాతది తీర్చడం నేను ఒప్పుకునేది ఈ ఒక్కచోటే: వడ్డీ సగానికి పైగా తగ్గాలి, డబ్బు ఇంటికి రాకుండా నేరుగా ఆసామికి చేరాలి. గడువుకు కట్టకపోతే నగలు వేలానికి పోతాయి కాబట్టి ఆ తేదీ పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. ఆసామికి డబ్బిచ్చిన రోజే నోటు వెనక చెల్లు వేయించి, తేదీతో సంతకాలు చేయించుకోండి. చెల్లు లేకుండా ఇచ్చిన డబ్బు మరో రాత్రి బెంగకు కారణమవుతుంది.

మూడోరోజు బావమరిది దగ్గరికి వెళ్లి "బావా, ఈ ఏడాది ఇవ్వలేను, వచ్చే ఉగాది తర్వాత నెలకు రెండు వేలు ఇస్తాను" అని చెప్పడం. ఈ ఒక్క మాటకే చాలామంది నెలల తరబడి నిద్ర పోగొట్టుకుంటారు.

మిగిలిన 1,150 ఇంటి ఖర్చులోంచో బండి రాబడిలోంచో రావాలి. దానికి ఇంట్లో ఇద్దరూ కలిసి కూర్చోవాలి, అదీ ఆ మూడున్నర గంటల వేళే.

రాత్రి మెలకువ వచ్చినప్పుడు

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పగలు లెక్క చక్కగా రాసుకున్నా మొదటి కొన్ని రాత్రులు మెలకువ వస్తుంది, అలవాటు పడిన మనసు లెక్క మొదలుపెడుతుంది. "ఒక్కసారి మొత్తం కూడి పడుకుంటా" అనిపిస్తుంది. ఆ ఒక్కసారికి లొంగొద్దు. కూడిక పూర్తయ్యాక నిద్ర రాదు, "అయితే ఎలా?" అన్న ప్రశ్న వస్తుంది, దానికి ఆ వేళ జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

వంటింటి గట్టు మీద ఒక చీటీ, పెన్ను ముందే పెట్టి ఉంచండి. తలగడ పక్కన వద్దు. ఆలోచన వదలకపోతే లేచి వెళ్లి ఒక్క వాక్యం రాయండి: "బైకు కంతు ఐదో తేదీకి ఎలా? రేపు మూడున్నరకు." అంకెలు వేయకూడదు, కూడకూడదు. అదే ఆలోచన మళ్లీ వస్తే మళ్లీ రాయకుండా ఆ వాక్యం పక్కన ఒక టిక్కు పెట్టండి. మర్నాడు మూడున్నరకు ఆ చీటీని తప్పకుండా తెరవాలి. ఒకటి రెండుసార్లు తెరవకపోతే "రేపు చూద్దాం" అన్న మాటను మనసు నమ్మదు, పద్ధతి మొత్తం అక్కడే చెడుతుంది.

రాసి వచ్చాక కూడా ఇరవై నిమిషాలు నిద్ర పట్టలేదనిపిస్తే పక్క మీద పొర్లొద్దు. ఆ ఇరవై నిమిషాలు అంచనాగా చాలు, గడియారం చూస్తే "ఇంకా మూడు గంటలే ఉంది" అని మరో లెక్క మొదలవుతుంది. వేరే గదిలో, వరండాలో, మసక వెలుతురులో కూర్చోండి. బియ్యం ఏరడం, బట్టలు మడవడం లాంటి ఆసక్తి లేని పని చేయండి. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పక్క మీదికి. ఎన్నిసార్లు లేవాల్సి వచ్చినా ఇంతే, పొద్దున మాత్రం రోజూ ఒకే వేళకు లేవాలి. పక్క అంటే లెక్కలు వేసే చోటు అని శరీరం నేర్చుకుంది, దాన్ని మరిపించడానికే ఇదంతా. అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో రాసిన ఈ పద్ధతిని నిద్రలేమికి వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు.

ఇక్కడ చెడగొట్టేవి నాలుగు. ఒకటి, ఫోను తీసి బ్యాలెన్సు చూడటం. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను వేరే గదిలో ఉండాలి. వసూలు ఫోన్లకు భయపడి దగ్గర పెట్టుకునేవాళ్లకు ఒక మాట: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఆ హద్దు ఉదయం 9, సాయంత్రం 6. రెండు, భార్యనో భర్తనో లేపి అప్పుల సంగతి ఎత్తడం. ఆ వేళ అది గొడవగానే ముగుస్తుంది. మూడు, మందు తాగి పడుకోవడం. మొదట మత్తుగా నిద్ర పడుతుంది, అర్ధరాత్రి దాటాక అదే లేపుతుంది. నాలుగు, రాత్రి నిర్ణయం తీసుకోవడం. చీకటి పడ్డాక ఎవరికీ డబ్బు మాట ఇవ్వొద్దు, లోన్ యాప్ తెరవొద్దు, చీటీపాటను ఎంత నష్టానికైనా పాడేద్దామని తీర్మానించుకోవద్దు.

పద్ధతి పట్టు దొరికిందని ఎలా తెలుస్తుంది? ఆలోచనలు పూర్తిగా ఆగిపోవు. చీటీ మీద కొత్త వాక్యాలు తగ్గి టిక్కులు పెరుగుతాయి, తర్వాత టిక్కులూ తగ్గుతాయి. దీనికి రెండు మూడు వారాలు పట్టొచ్చు.

ఇది చాలని సందర్భం

మూడు వారాలు సరిగ్గా చేసినా నిద్ర కుదరకపోతే, తిండి సయించకపోతే, బండి తీయడానికే కాళ్లు కదలకపోతే అది పుస్తకంతో తేలే పని కాదు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మూడు వారాలు ఆగొద్దు. 14416కు ఫోను చేయండి. ఇది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఏ వేళకైనా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. అర్ధరాత్రి ఫోను ముట్టుకోవద్దన్న నియమం దీనికి వర్తించదు. తిరుపతిలో ఉన్నవాళ్లు రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి ఉదయం ఓపీ వేళకు వెళ్లొచ్చు. వెళ్లేటప్పుడు వంటింటి చీటీలు తీసుకెళ్లండి. నిద్ర వారంలో ఎన్ని రాత్రులు, ఏ ఆలోచనతో తెగుతోంది అన్నవి డాక్టరు అడగొచ్చు, జవాబులు వాటిలోనే ఉంటాయి.