సాయంత్రం ఆగని ఆకలికి మూలం పొద్దుటి టిఫిన్‌లో ఉండొచ్చు

సమస్య

బరువు తగ్గాలని కేలరీలు లెక్కపెట్టుకుని తింటున్నారు. మధ్యాహ్నం దాకా బాగానే గడుస్తుంది. ఐదయ్యేసరికి చెయ్యి బిస్కెట్ల డబ్బా మీదికి పోతుంది, రాత్రికి లెక్క తప్పుతుంది.

ముందు ఒకటి తేల్చుకోండి. ఆ సమయంలో ఉడికించిన గుడ్డు ఇస్తే తింటారా? తింటే అది ఆకలి. గుడ్డొద్దు, చాక్లెట్టే కావాలనిపిస్తే అది కోరిక. రెండింటికీ మందు ఒకటి కాదు.

ఆకలైతే: కారణం

చాలామంది విషయంలో నేను చూసింది ఇదే: కేలరీలు తగ్గించారు, దాంతోపాటు ప్రొటీన్, పీచు, తిండి పరిమాణం కూడా తగ్గిపోయాయి. ఉదాహరణకు పొద్దుటి టిఫిన్‌కి రెండు బ్రెడ్ ముక్కలు, జామ్, గ్లాసు పండ్లరసం. సుమారు 320 కేలరీలు. ప్రొటీన్ మాత్రం ఆరేడు గ్రాములే, పీచు నామమాత్రం. పైగా రసం తాగితే పండు నమిలి తిన్నంత కడుపు నిండదు.

పరిష్కారం

కేలరీలు పెంచక్కర్లేదు, పళ్లెం మార్చాలి. రెండు ఉడికించిన గుడ్లు, 150 గ్రాముల వెన్న తీసిన పెరుగు, తొక్కతో ఒక యాపిల్. ఇవీ దాదాపు 320 కేలరీలే, కానీ ప్రొటీన్ 20 గ్రాములు, పీచు నాలుగు గ్రాములు దాటుతుంది. తినడానికీ ఎక్కువసేపు పడుతుంది.

మధ్యాహ్నం భోజనంలో 200 గ్రాముల కూరగాయలు కలపండి. ఆకుకూరలు, క్యాబేజీ, టమాటా లాంటివైతే 50 కేలరీల చుట్టూ ఉంటాయి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. వాటి మీద ఒక పెద్ద చెంచా నూనె పడితే 120 కేలరీలు చేరిపోతాయి. నూనె కొలిచి వేయండి.

బంగాళదుంపను అనవసరంగా దూరం పెడతారు. 1995లో పరిశోధకురాలు సుసానా హోల్ట్ బృందం 38 ఆహారాలను సమాన కేలరీల లెక్కన తినిపించి చూస్తే, అన్నిటికన్నా కడుపు నింపింది ఉడికించిన బంగాళదుంపే. వేయించితే మాత్రం ఆ లెక్క చెల్లదు.

పీచు పెంచాక కడుపుబ్బరం వస్తే

ఒక్కసారిగా పెంచేశారన్నమాట. రోజుకు 25 నుంచి 30 గ్రాముల దాకా వెళ్లాలి గానీ, వారానికి ఐదు గ్రాముల చొప్పున, నీళ్లు కూడా పెంచుతూ.

కోరికైతే

నిషేధిస్తే అది ఇంకా పెరగడమే ఎక్కువగా చూశాను. ఆ రోజు లెక్కలోనే రెండు చాక్లెట్ ముక్కలకు చోటు పెట్టి, భోజనం అయ్యాక తినండి. ఖాళీ కడుపుతో డబ్బా తెరిస్తే రెండుతో ఆగడం కష్టం.

ఇవన్నీ చేసినా ఆకలి తగ్గకపోతే

నిద్ర సరిపోతోందా చూడండి. వారానికి మీ బరువులో ఒక శాతం కన్నా ఎక్కువ తగ్గుతుంటే కేలరీల కోత మరీ పెద్దది, రోజుకు 200 కేలరీలు తిరిగి కలపండి. కిడ్నీ జబ్బు ఉన్నా, షుగర్‌కి మందులు వాడుతున్నా, డాక్టర్‌ని అడిగాకే ఈ మార్పులు మొదలుపెట్టండి.