ఆఫీసు లీజు లెక్కలు, 4వ పాఠం: "నాలుగు నెలలు ఫ్రీ" అంటే నిజంగా ఎంత?

పోయిన పాఠంలో చార్జబుల్ ఏరియాకీ కార్పెట్ ఏరియాకీ తేడా చూశాం కదా, ఇవాళ అద్దె దగ్గరకి వద్దాం. బ్రోకర్ చెప్పే రేటు ఒకటుంటుంది, మన జేబులోంచి నెలకి సగటున పోయేది ఇంకొకటుంటుంది, ఈ రెండోదాన్నే ఎఫెక్టివ్ రెంట్ అంటారు. రెండింటి మధ్య తేడా తెచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి రెంట్ ఫ్రీ, అంటే ఇంటీరియర్ పని చేసుకునే నెలల్లో ఓనర్ అద్దె వదిలేయడం. రెండోది ఫిట్ అవుట్ కాంట్రిబ్యూషన్, అమెరికాలో ఉన్నవాళ్ళు టీఐ అలవెన్స్ అనేది ఇదే, మన ఇంటీరియర్ ఖర్చులో ఓనర్ ఇంత అని ఇస్తాడు.

లెక్క కోసం ఒక కేసు తీసుకుందాం, అంకెలు నేను వేసుకున్నవే. గచ్చిబౌలిలో 10,000 ఎస్ఎఫ్టీ వార్మ్ షెల్, అంటే ఏసీ, కరెంటు లైన్లు ఫ్లోర్ దాకా ఓనర్ ఇస్తాడు, లోపలి ఇంటీరియర్ మనదే. లీజు 60 నెలలు, లాక్-ఇన్ 36 నెలలు, అంటే అంతకు ముందు మనం ఖాళీ చేయడానికి లేదు, 36 నెలలు దాటాక అద్దె 15 శాతం పెరుగుతుంది. లీజు గడియారం హ్యాండోవర్ రోజు నుంచే మొదలు, ఫ్రీ నెలలు కూడా ఆ 60లోనే ఉన్నాయి. జీఎస్టీ, డిపాజిట్ ఇప్పటికి పక్కన పెట్టేయండి, రెండు ఆఫర్లకీ దాదాపు ఒకటే కాబట్టి పోలికలో పెద్ద తేడా రాదు.

మొదటి ఓనర్: ఎస్ఎఫ్టీకి 70 రూపాయలు, 4 నెలలు ఫ్రీ, చేతికి పైసా ఇవ్వడు. రెండో ఓనర్: 76 రూపాయలు, 2 నెలలే ఫ్రీ, కానీ పని అయ్యాక బిల్లులు చూపిస్తే ఎస్ఎఫ్టీకి 400 ఇస్తాడు, అంటే మొత్తం 40 లక్షలు. 40 లక్షలు అనగానే మీటింగ్‌లో ఎండీ గారి మొహం వెలిగిపోతుంది, అక్కడే ఆగి కాగితం తీయాలి.

ఒక్క ఎస్ఎఫ్టీకి లెక్క వేద్దాం. మొదటి ఆఫర్లో 36 నెలల్లో 4 పోతే 32 నెలలు 70 చొప్పున 2,240, ఆ తర్వాత 24 నెలలు 80.50 చొప్పున 1,932, మొత్తం 4,172. దాన్ని 60తో భాగిస్తే 69.53. రెండో దాంట్లో 34 నెలలు 76 చొప్పున 2,584, తర్వాత 24 నెలలు 87.40 చొప్పున 2,097.60, అందులోంచి మనకొచ్చే 400 తీసేస్తే 4,281.60, భాగిస్తే 71.36. అంటే 40 లక్షలు ఇచ్చినవాడే ఎస్ఎఫ్టీకి నెలకి 1.83 ఎక్కువ పడుతున్నాడు.

అయితే ఈ సగటులో ఒక లోపం ఉంది. ఆ 400 మనకి మొదట్లోనే వస్తుంది, దానికి బదులు కట్టే ఎక్కువ అద్దె మాత్రం అయిదేళ్ళ పొడుగునా పోతుంది, ఇవాళ్టి రూపాయినీ నాలుగేళ్ళ తర్వాతి రూపాయినీ ఒకే గాట కట్టేశాం. అందుకే డిస్కౌంట్ చేయాలి, అంటే తర్వాత కట్టే ప్రతి రూపాయినీ వడ్డీ లెక్కన ఇవాళ్టి విలువకి తగ్గించాలి. ఎక్సెల్లో B2 నుంచి B61 వరకు 60 నెలల అద్దె వేయండి, ఫ్రీ నెలల్లో సున్నా, రెండో ఆఫర్లో నాలుగో నెల చివర 400 వస్తుందనుకుని అయిదో నెల గడిలో, అంటే B6లో, 76 బదులు -324 వేయండి. అద్దె నెల మొదట్లో కడతాం కాబట్టి ఇలా:

```
D1: =B2+NPV(1%,B3:B61)
D2: =PMT(1%,60,-D1,0,1)
```

నెలకి 1 శాతం, అంటే ఏడాదికి 12 పెట్టి చూస్తే D2లో మొదటి ఆఫర్‌కి 67.39, రెండోదానికి 67.97 వస్తుంది. 1.83 తేడా కాస్తా 58 పైసలకి దిగింది. మీ కంపెనీ 18 శాతానికి అప్పు తెచ్చుకునే స్థితిలో ఉంటే రెండు ఫార్ములాల్లోనూ 1.5% పెట్టండి, 66.27, 66.19 వస్తాయి, ఆఫర్లు తిరగబడ్డాయి!

దీన్ని ఇలా అర్థం చేసుకోండి. రెండో ఓనర్ ఇచ్చేది బహుమతి కాదు, అప్పు. దానికి వాయిదాలు ఏంటంటే మనం వదులుకున్న 2 ఫ్రీ నెలలు, నెలనెలా 6 రూపాయల ఎక్కువ అద్దె, పైగా ఆ 6 కూడా 15 శాతం పెరిగి 6.90 అవుతుంది (వాయిదా పెరిగే అప్పు ఎక్కడైనా చూశారా, లీజులో చూడొచ్చు). ఈ అప్పు మీద పడే వడ్డీ ఏడాదికి 17 శాతం పైచిలుకు. బ్యాంకులో 11, 12కి దొరికేవాళ్ళు బ్యాంకుకే వెళ్ళడం మేలు, దొరకని స్టార్టప్‌కి మాత్రం ఓనర్ అప్పే దిక్కు కావచ్చు, అందులో తప్పేం లేదు, రేటు తెలిసి తీసుకుంటే చాలు.

ఇప్పుడు లాక్-ఇన్ అవ్వగానే 36వ నెలలో ఖాళీ చేశాం అనుకోండి. సాదా సగటులో మొదటి ఆఫర్ 2,240 బై 36, అంటే 62.22. రెండోది 2,584లో 400 పోతే 2,184, బై 36 అంటే 60.67. రెండోదే చౌక! అందుకే ఓనర్ లాయర్ ఊరుకోడు, ముందే వెళ్ళిపోతే ఇచ్చిన డబ్బులో మిగిలిన నెలల వాటా వెనక్కి కట్టాలని ఒక క్లాజ్ పెడతాడు. 60 నెలలకి సమానంగా పంచితే 24 నెలల వాటా 160, అది కలిపితే 65.11, మళ్ళీ మొదటిదే చౌక. ఒక్క క్లాజ్‌తో ఎస్ఎఫ్టీకి నెలకి నాలుగున్నర రూపాయలు అటూఇటూ అవుతాయి, కాబట్టి ఆ వాటాని 36 నెలలకి పంచమని అడగండి, అప్పుడు లాక్-ఇన్ తర్వాత వెనక్కి కట్టాల్సింది ఉండదు.

ఇక ఫ్రీ నెలల గడియారం. మాకు ఒకసారి ఏమైందంటే, ఓనర్ ఒకటో తారీఖున హ్యాండోవర్ లెటర్ పంపేశాడు, మేము సంతకం పెట్టేశాం, తీరా చూస్తే మా ఫ్లోర్‌కి ఏసీ చల్లటి నీళ్ళ పైపు, అదే చిల్డ్ వాటర్ లైన్, నీళ్ళు నింపి ఛార్జ్ చేయలేదు, ఏసీ టెస్ట్ అవ్వకుండా ఫాల్స్ సీలింగ్ మూయలేం, సీలింగ్ మూయకుండా లైట్లు, స్ప్రింక్లర్లు ఫైనల్ అవ్వవు, అలా అయిదు వారాలు పోయాయి. ఫ్రీ నెలలు మాత్రం వాటి మానాన అవి అయిపోయాయి, పాత ఆఫీసుకీ కొత్త ఆఫీసుకీ రెండు అద్దెలు కట్టాం. మన మొదటి ఆఫర్లో ఇలా ఒక నెల వృథా అయితే 70 రూపాయలు, 60 నెలలకి పంచితే 1.17, అంటే పైన చూసిన 58 పైసల తేడాకి రెట్టింపు. అందుకే హ్యాండోవర్ అంటే ఏమిటో లీజులోనే రాయించాలి: కరెంటు మన ప్యానెల్ దాకా, ఏసీ లైన్ ఛార్జ్ అయ్యి, సర్వీస్ లిఫ్ట్ మెటీరియల్‌కి ఇచ్చి, మన ఇంజనీర్ కూడా సంతకం చేసిన రోజు. అంతకు ముందు లెటర్ వస్తే "కండిషనల్" అని రాసి, పెండింగ్ లిస్ట్ జత చేసి తిప్పి పంపండి.

ఇంకోటి, రెంట్ ఫ్రీ అన్నాడు కానీ మెయింటెనెన్స్ ఫ్రీ అనలేదు. చాలా లీజుల్లో ఈ మెయింటెనెన్స్ చార్జీ, అదే సీఏఎం, హ్యాండోవర్ రోజు నుంచే పడుతుంది. ఎస్ఎఫ్టీకి నెలకి 12 అనుకుంటే 4 నెలలకి 48. మనుషులే లేని ఫ్లోర్ కదా, ఆ నెలలకి తగ్గించమని అడిగి చూడండి. సీఏఎం సంగతి 5వ పాఠంలో వివరంగా చూద్దాం.

అప్పటిదాకా ఒక లెక్క. మొదటి ఆఫర్లోనే, 15 శాతం పెంపుని హ్యాండోవర్ రోజు నుంచి కాకుండా అద్దె మొదలైన రోజు నుంచి 36 నెలలకి లెక్కపెడితే ఎంత మిగులుతుంది? 70 రేటు 40వ నెల దాకా నడుస్తుంది, అది గుర్తుపెట్టుకుని చేయండి. సాదా సగటు 68.83 రావాలి, 10,000 ఎస్ఎఫ్టీకి మొత్తం మీద 4,20,000 మిగలాలి. రాకపోతే B38 నుంచి B41 వరకు గడులు ఒకసారి చూసుకోండి, ఎక్కువమంది తప్పేది అక్కడే.